68–95–99.7 సూత్రమా, చెబిషెవ్ హద్దా: k ప్రామాణిక విచలనాల లోపల ఎంత డేటా ఉందో చెప్పడం ఎలా

ఒక సహాయ కేంద్రానికి ఫోన్ చేసినవాళ్లు సగటున 7 నిమిషాలు వేచి ఉన్నారు, ప్రామాణిక విచలనం 6 నిమిషాలు. సగటుకు రెండు విచలనాల దూరంలోపు, అంటే −5 నుంచి 19 నిమిషాల మధ్య, ఎంతమంది ఉంటారు? పాఠ్యపుస్తకంలోని 68–95–99.7 సూత్రం సుమారు 95 శాతం అంటుంది. చెబిషెవ్ అసమానత కనీసం 75 శాతం అంటుంది. ఒకే ప్రశ్నకు 20 శాతం తేడాతో రెండు జవాబులు వచ్చినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది అంచనా. డేటా గంట ఆకారంలో ఉంటేనే అది నిలుస్తుంది. రెండోది హామీ. ఆకారం ఏదైనా నిజమైన వాటా అంతకన్నా కిందికి పోదు. ఆ వాటా 75 దగ్గరే ఉంటుందని మాత్రం అది ఎక్కడా చెప్పదు.

ఏది ఎప్పుడు వాడాలో తేల్చుకునే క్రమాన్ని ఇక్కడ ఒకే ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఉదాహరణ కోసం కూర్చిన 20 మంది నిరీక్షణ సమయాలు ఇవి, నిమిషాల్లో:

2, 2, 3, 3, 4, 4, 4, 4, 4, 5, 5, 5, 6, 6, 7, 9, 10, 12, 17, 28

మొదటి అడుగు: సగటు, విచలనం, వాటితోపాటు మధ్యగతం

మొత్తం 140, సంఖ్యలు 20, కాబట్టి సగటు 7. ప్రతి సంఖ్యకూ సగటుకూ ఉన్న తేడాను వర్గం చేసి కూడితే 720 వస్తుంది. దాన్ని 20తో భాగిస్తే 36, వర్గమూలం 6.

20తో భాగించాలా, 19తోనా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. చేతిలో ఉన్న డేటా గురించే మాట్లాడుతుంటే n తో భాగించిన విచలనమే సరైనది, చెబిషెవ్ హద్దు దానికి అచ్చంగా వర్తిస్తుంది. n−1 తో భాగిస్తే విచలనం 6.16 అవుతుంది. అది కాస్త పెద్దది కాబట్టి పరిధి కూడా కాస్త వెడల్పవుతుంది. హద్దు అప్పుడూ నిలుస్తుంది. కంప్యూటర్‌లో గందరగోళం వచ్చేది పేర్ల వల్లే. ఎక్సెల్‌లో `STDEV.P` అంటే n, `STDEV.S` అంటే n−1. నంపైలో `std()` మామూలుగా n తో భాగిస్తుంది, పాండాస్‌లో అదే పేరున్న `std()` n−1 తో భాగిస్తుంది. ఇద్దరి లెక్కలు రెండో దశాంశం దగ్గర కలవకపోతే మొదట చూడాల్సింది ఇదే.

మధ్యగతాన్ని చాలామంది వదిలేస్తారు. ఇక్కడ అది 5. సగటు దానికన్నా 2 నిమిషాలు ఎక్కువ, అంటే విచలనంలో మూడో వంతు. గంట ఆకారంలో ఉన్న డేటాలో ఈ రెండూ దాదాపు ఒకే చోట ఉంటాయి.

రెండో అడుగు: ఆకారాన్ని నిలదీయడం

68–95–99.7 సూత్రం నార్మల్ విభాజనం నుంచి వచ్చింది. ఒకటి, రెండు, మూడు విచలనాల లోపల ఉండే శాతాలు అవి, ఖచ్చితంగా చెప్పాలంటే 68.27, 95.45, 99.73. డేటా ఆ ఆకారానికి దగ్గరగా లేకపోతే ఈ మూడింటికీ ఆధారం పోతుంది. అందుకే సూత్రం పెట్టేముందు మూడు పరీక్షలు చేయండి. మూడూ కలిపి ఐదు నిమిషాల పని.

మొదటిది, సగటు నుంచి రెండు విచలనాలు తీసేయండి. ఇక్కడ 7 − 12 = −5. ఎవరూ మైనస్ 5 నిమిషాలు వేచి ఉండలేరు. నార్మల్ ఆకారమే అయితే సుమారు 2.3 శాతం మంది −5 కన్నా కింద ఉండాలి, అది అసాధ్యం. కాబట్టి డేటాను చూడకుండానే, ఆ రెండంకెలతోనే, గంట ఆకారం కాదని తేలిపోయింది. సున్నా కన్నా తగ్గలేని కొలతల్లో, అంటే సమయం, ఖర్చు, దూరం వంటివాటిలో, విచలనం సగటులో సగాన్ని దాటితే ఈ పరీక్ష విఫలమవుతుంది. ఎవరో రాసిన నివేదికలో సగటు, విచలనం మాత్రమే ఇచ్చి ఊరుకుంటే మీ చేతిలో ఉండే పరీక్ష ఇదొక్కటే. అందుకే దీన్ని అలవాటు చేసుకోవాలి.

రెండోది, హిస్టోగ్రామ్ గీయండి. శిఖరం ఒకటేనా, రెండా? తోక ఒకవైపే సాగిందా? ఇక్కడ గుట్ట 4 దగ్గర ఉంది, తోక కుడివైపు 28 దాకా వెళ్లింది.

మూడోది క్యూ–క్యూ ప్లాట్, అంటే డేటా విలువలను వరుసలో పెట్టి, నార్మల్ ఆకారంలో అవే స్థానాల్లో రావాల్సిన విలువలతో పోల్చే పటం. డేటా నార్మల్ అయితే చుక్కలు సరళరేఖ మీద పడతాయి. చుక్కలు మధ్యలో రేఖ మీదే ఉండి కొసల్లో పక్కకు జరిగితే ఒక విచలనం దగ్గర సూత్రం బాగానే పనిచేసినట్టు కనిపించి మూడు విచలనాల దగ్గర దెబ్బతింటుంది. తోకల గురించి మాట్లాడాలనుకునేవారు కొసలనే చూడాలి.

మూడో అడుగు: రెండు లెక్కలూ వేసి, నేరుగా లెక్కపెట్టి చూడటం

డేటా చేతిలో ఉన్నప్పుడు సూత్రాలతో ఊహించడం దేనికి? లెక్కపెట్టేయవచ్చు. లెక్కపెడితే ఏ సూత్రం ఎక్కడ తప్పుతుందో కూడా బయటపడుతుంది.

```python
import numpy as np
x = np.array([2,2,3,3,4,4,4,4,4,5,5,5,6,6,7,9,10,12,17,28])
m, s = x.mean(), x.std()
for k in (1, 1.5, 2, 3):
    inside = np.mean(np.abs(x - m) < k*s)
    print(k, inside, max(0, 1 - 1/k**2))
```

ఒక విచలనం లోపల, అంటే 1 నుంచి 13 నిమిషాల మధ్య, 18 మంది ఉన్నారు. అది 90 శాతం. సూత్రం చెప్పింది 68. ఇంత తేడా రావడం వింతేమీ కాదు. 28 అనే ఒక్క సంఖ్య విచలనాన్ని ఉబ్బించేసింది, ఆ ఉబ్బిన పరిధిలో మిగతావన్నీ సులువుగా ఇమిడిపోయాయి. ఆ 28ని తీసేసి లెక్కిస్తే విచలనం 6 నుంచి సుమారు 3.7కి పడిపోతుంది.

రెండు విచలనాల లోపల 19 మంది ఉన్నారు, అంటే 95 శాతం. సూత్రం చెప్పినట్టే వచ్చింది! ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. నార్మల్ ఆకారంలో బయట పడే 5 శాతం రెండు వైపులా సగం సగం ఉండాలి. ఇక్కడ ఎడమ వైపు ఎవరూ లేరు, ఉండే వీలూ లేదు. మొత్తం కుడివైపే ఉంది. 19 నిమిషాలు దాటి వేచి ఉన్నవాళ్లు సూత్రం ప్రకారం 2.3 శాతం ఉండాలి, ఉన్నది 5 శాతం. k = 2 దగ్గర వాటా కలిసింది కాబట్టి ఆకారం నార్మల్ అనుకోవడం ఈ విషయంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. వాలిన ఆకారాలు ఎన్నో k = 2 దగ్గర 95కి అటూ ఇటూ వస్తాయి. తేడా బయటపడేది k = 1 దగ్గర, k = 3 దగ్గర.

మూడు విచలనాల లోపల కూడా 19 మందే. మళ్లీ 95 శాతం, సూత్రం చెప్పిన 99.7 కాదు. 28 నిమిషాలు అంటే సగటుకు 3.5 విచలనాల దూరం. నార్మల్ ఆకారంలో అంత దూరం వెళ్లేవి 2,000కు ఒకటి కన్నా తక్కువ. ఇక్కడ 20 మందిలోనే ఒకరు తగిలారు.

ఈ మూడు చోట్లా చెబిషెవ్ హద్దు, అంటే 1 − 1/k², చెప్పిన కనీసాలు 0, 75, 88.9 శాతం. ఒక్క చోటా తప్పలేదు, తప్పే అవకాశమూ లేదు. k = 1 దగ్గర అది ఏమీ చెప్పదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. 1 − 1/1 = 0. కనీసం సున్నా శాతం అన్న మాట ఎవరికీ పనికిరాదు. k ఒకటి కన్నా ఎక్కువైనప్పుడే ఈ హద్దును ముట్టుకోండి.

ఆ హామీ ఎక్కడ నుంచి వస్తుంది

బియనేమే 1853లో, చెబిషెవ్ 1867లో ప్రచురించిన ఈ ఫలితం వెనక ఉన్నది కూడికలు, భాగహారాలే. మన డేటాలో తేడాల వర్గాల మొత్తం 720. మూడు విచలనాలంటే 18 నిమిషాలు. సగటుకు 18 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ దూరంలో ఉన్న ప్రతి మనిషీ ఆ 720లోంచి కనీసం 18 × 18 = 324 వాడుకుంటాడు. 720లో 324లు రెండే పడతాయి. కాబట్టి ఆకారం ఎలా ఉన్నా ఇద్దరి కన్నా ఎక్కువ మంది అక్కడ ఉండలేరు. అక్షరాల్లో రాస్తే: బయట ఉన్నవారి సంఖ్య ≤ n/k².

ఈ కూడిక వల్లే మరో సంగతి కూడా తెలుస్తుంది. హద్దు అంత వదులుగా ఎందుకుంది, కాస్త బిగించలేమా అని అనిపిస్తుంది. బిగించలేం. 40 ఒకసారి, 50 ఆరుసార్లు, 60 ఒకసారి ఉన్న ఎనిమిది సంఖ్యలు తీసుకోండి. సగటు 50, వర్గాల మొత్తం 200, ఎనిమిదితో భాగిస్తే 25, విచలనం 5. 40, 60 రెండూ సరిగ్గా రెండు విచలనాల దూరంలో ఉన్నాయి, వాటికి లోపల ఉన్నవి ఎనిమిదిలో ఆరు, అంటే అచ్చంగా 75 శాతం. హద్దు చెప్పిన కనీసాన్ని సరిగ్గా తాకే డేటా ఇది. అందుకే ఆకారం గురించి ఏమీ తెలియనప్పుడు 75 కన్నా మెరుగైన మాట ఎవరూ ఇవ్వలేరు. అంచు మీద ఉన్నవాటిని లోపల కలుపుతున్నారా లేదా అన్నది కూడా ఈ ఉదాహరణలో తేలికగా కనిపిస్తుంది. పై కోడ్‌లో `<` వాడింది అందుకే.

నాలుగో అడుగు: మధ్యలో ఉన్న మెట్టు

నిజ జీవితపు డేటా సాధారణంగా ఈ రెండు కొసల మధ్య ఉంటుంది. గంట ఆకారం కాదు, అలాగని 40–50–60లాంటి విడ్డూరమూ కాదు. హిస్టోగ్రామ్‌లో శిఖరం ఒకటే అని నమ్మకంగా చెప్పగలిగితే 1980లో విసోచాన్‌స్కీ, పెటూనిన్ ఇచ్చిన హద్దు వాడవచ్చు. దాని ప్రకారం బయట ఉన్న వాటా 4/(9k²) ను మించదు. k విలువ 1.63 కన్నా ఎక్కువ ఉన్నప్పుడే ఇది చెల్లుతుంది.

| k | నార్మల్ అయితే | ఒకే శిఖరమైతే కనీసం | ఏ ఆకారమైనా కనీసం |
|---|---|---|---|
| 1.5 | 86.6% | – | 55.6% |
| 2 | 95.4% | 88.9% | 75% |
| 3 | 99.7% | 95.1% | 88.9% |
| 4 | 99.99% | 97.2% | 93.75% |

మన డేటాలో k = 3 దగ్గర 95 శాతం ఉంది, పట్టికలో కనీసం 95.1 అని ఉంది. హద్దు తప్పిందా? లేదు. ఒకే శిఖరం అన్నది వెనకున్న ప్రక్రియకు, అంటే ఫోన్ చేసే అందరి నిరీక్షణకూ, చెందిన లక్షణం. చేతిలో ఉన్న 20 సంఖ్యలు ఆ ప్రక్రియ నుంచి రాలిన నమూనా, అది కాస్త అటూ ఇటూ ఊగుతుంది. చెబిషెవ్ హద్దుకు ఈ చిక్కు లేదు. డేటా సొంత సగటు, సొంత విచలనం వాడినంత కాలం అది ఆ 20 సంఖ్యలకూ నేరుగా వర్తిస్తుంది.

కుడివైపు తోక సాగిన డేటాకు మరో దారి కూడా ఉంది: లాగరిథమ్ తీసుకుని అక్కడ 68–95–99.7 పెట్టడం. మన 20 సంఖ్యల సహజ లాగరిథమ్‌ల సగటు 1.70, విచలనం 0.65. వెనక్కి నిమిషాల్లోకి మారిస్తే ఒక విచలనం పరిధి సుమారు 2.9 నుంచి 10.5, రెండు విచలనాలది 1.5 నుంచి 20.2, మూడు విచలనాలది 0.8 నుంచి 38.8. లోపల ఉన్నవి వరుసగా 15, 19, 20 మంది. అంటే 75, 95, 100 శాతం. ఇరవై మందికి ఇంతకన్నా దగ్గర పోలిక ఆశించలేం. పైగా కింది అంచు మైనస్‌లోకి పోలేదు. ఇక్కడ మీరు చెబుతున్నది లాగ్ విచలనాల గురించి, అసలు 6 నిమిషాల విచలనం గురించి కాదు. ఆ మాట రాతలో స్పష్టంగా ఉండాలి.

ఐదో అడుగు: ప్రశ్న ఒకవైపుదైతే హద్దు మార్చడం

సహాయ కేంద్రం నడిపేవారికి తక్కువ సేపు వేచి ఉన్నవాళ్ల గురించి బెంగ ఉండదు. వాళ్లడిగేది 19 నిమిషాలు దాటేవాళ్లు గరిష్ఠంగా ఎంతమంది అని. చెబిషెవ్ నుంచి 25 శాతం అని చెప్పవచ్చు. దాన్ని సగం చేసి 12.5 అనేస్తుంటారు కొందరు. అది తప్పు, ఎందుకంటే రెండు వైపులా సమానంగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఒకవైపు ప్రశ్నకు కాంటెల్లి హద్దు ఉంది: 1/(1 + k²). k = 2 అయితే 20 శాతం. k = 1 దగ్గర చెబిషెవ్ చేతులెత్తేస్తే ఇది గరిష్ఠంగా 50 శాతం అనైనా చెబుతుంది, అంటే 13 నిమిషాలు దాటేవాళ్లు సగం కన్నా ఎక్కువ ఉండలేరు.

తిరగేసి అడిగితే

ఒక్కోసారి వాటా ముందే ఖాయమై ఉంటుంది: కనీసం 95 శాతం లోపల ఉండేలా పరిధి ఎంత? చెబిషెవ్‌ను తిరగేస్తే k = 1/√(1 − p), ఇక్కడ p అంటే కావాల్సిన వాటా. 90 శాతానికి 3.16, 95కి 4.47, 99కి 10. మన సగటుకు 4.47 × 6 కలిపితే పై అంచు సుమారు 33.8 నిమిషాలు. నార్మల్ అనుకుని 1.96 వాడి ఉంటే 18.8 వచ్చేది. తేడా 15 నిమిషాలు. ఆకారం తెలియకపోవడానికి కట్టే మూల్యం ఇంత. 99 శాతానికి 10 విచలనాలు అడిగినప్పుడు చాలామంది హద్దు పాడైపోయిందనుకుంటారు. పాడవలేదు, ఏమీ తెలియకుండా 99 శాతం హామీ కోరితే అంతే అవుతుంది. మరింత డేటా తెచ్చి 95వ శతాంశాన్ని నేరుగా లెక్కపెట్టడం తరచూ దీనికన్నా మంచి దారి.

ఎక్కడెక్కడ దెబ్బతింటారు

చిన్న నమూనాలో మూడు విచలనాల పరీక్ష పెట్టి అసాధారణ విలువలను వెతకడం మొదటి పొరపాటు. n−1 తో భాగించిన విచలనం వాడితే, n సంఖ్యల్లో ఏదీ సగటుకు (n − 1)/√n విచలనాల కన్నా దూరం పోలేదు. పది సంఖ్యలకు ఇది 2.85. అంటే పదిలో ఒకటి పది లక్షలైనా మూడు విచలనాల గీత దాటదు. ఆ సంఖ్యే విచలనాన్ని తనతోపాటు లాక్కుపోతుంది. పరీక్షలో ఏదీ దొరకలేదంటే డేటా శుభ్రంగా ఉందని కాదు, పరీక్షకు పట్టుకునే శక్తే లేదని అర్థం. మన డేటాలో 28ని పక్కనపెట్టి మిగతా 19 మంది సగటు, విచలనంతో కొలిస్తే అది 3.5 కాదు, సుమారు 6 విచలనాల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

చెబిషెవ్ హామీని రేపటికి పొడిగించడం రెండో పొరపాటు. చేతిలో ఉన్న 20 మందికి 75 శాతం ఖాయం. రేపు ఫోన్ చేసే 21వ మనిషికి అదే సంభావ్యత అనాలంటే వెనకున్న ప్రక్రియ నిజమైన సగటు, నిజమైన విచలనం తెలిసి ఉండాలి. 7, 6 అన్నవి 20 మంది నుంచి వచ్చిన అంచనాలు మాత్రమే. నమూనా చిన్నదైతే, ముఖ్యంగా తోక పొడవైతే, విచలనం అసలు కన్నా తక్కువగా అంచనాకు వచ్చే అవకాశం ఎక్కువ. అరుదైన పెద్ద విలువ నమూనాలో పడకపోవడమే దానికి కారణం. దీన్ని పసిగట్టే తేలిక మార్గం, డేటా చేరుతున్నకొద్దీ విచలనాన్ని మళ్లీ మళ్లీ లెక్కించడం. అది ఒక విలువ దగ్గర స్థిరపడకుండా మెట్లు మెట్లుగా పెరుగుతూ పోతుంటే వెనకున్న విభాజనానికి పరిమితమైన విచలనమే లేకపోవచ్చు. కాషీ విభాజనం అలాంటిది. అక్కడ ప్రక్రియ గురించి చెబిషెవ్ కూడా ఏమీ చెప్పలేదు.

చివరి అడుగు: వాక్యం రాయడం

లెక్క సరిగ్గా చేసి రాతలో చెడగొట్టడం చాలా తేలిక. నార్మల్ ఆకారం మీద ఆధారపడ్డ అంకె ముందు “సుమారు” ఉండాలి, ఆకారాన్ని ఎలా పరీక్షించారో ఒక ముక్క ఉండాలి. హద్దు నుంచి వచ్చిన అంకె ముందు “కనీసం” లేదా “గరిష్ఠంగా” ఉండాలి. మన ఉదాహరణకు నివేదికలో పెట్టదగిన వాక్యాలు ఇలా ఉంటాయి: “20 మందిలో 19 మంది 19 నిమిషాల లోపు వేచి ఉన్నారు. సమయాలు కుడివైపు బాగా వాలి ఉన్నందున 68–95–99.7 సూత్రాన్ని నిమిషాలకు నేరుగా వాడలేదు. సగటు 7, విచలనం 6 నిమిషాలుగా ఉన్న ఏ డేటాలోనైనా 19 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ వేచి ఉన్నవారు గరిష్ఠంగా 20 శాతం.”